6/25 అంటే నానమ్మకు ఎలా చెప్పాలి?

*మా తాతగారి ఆస్తి మీద మా చిన్నత్త వేసిన పార్టిషన్ దావాలో గుంటూరు కోర్టు పోయిన నెల తీర్పు ఇచ్చింది. ఇంగ్లీషులో నలభై మూడు పేజీలు. ఎవరికెంత వచ్చిందో తెలుగులో రెండు పేజీల్లో రాసిపెట్టమని ఇంట్లో అందరూ నాకు అప్పజెప్పారు. దావాలో చిన్నత్త నాలుగో వంతు అడిగింది. డిక్రీలో ఒకచోట 6/25 అని, ఒకచోట 1/5 అని ఉంది. నానమ్మకు 1/25 అట. ఆ మాట విన్నప్పటి నుంచి ఆవిడ సరిగా అన్నం తినడం లేదు. పెద్దత్త కోర్టుకే వెళ్ళలేదు కాబట్టి ఆవిడకు ఏమీ రాదని బాబాయి అంటున్నాడు. నకళ్ళు జతచేశాను. ఎలా రాయాలో చెప్పండి.*
*— ఒక పాఠకురాలు, విజయవాడ*

అమ్మా, నకళ్ళు రెండుసార్లు చదివాను. ముందుగా నానమ్మగారికి ఒక మాట చెప్పండి: ఆవిడకు మిగిలింది ఇరవై ఐదో వంతు ఒక్కటే కాదు. ఎందుకో లెక్క దగ్గరకు వచ్చినప్పుడు చెబుతాను. ఈలోగా అన్నం తినమనండి.

మీరు తీర్పును మొదటి పేజీ నుంచి చదువుకుంటూ వచ్చినట్టున్నారు. అందరూ అలాగే చదువుతారు, తికమక అక్కడే మొదలవుతుంది. తీర్పులో మొదటి పది పన్నెండు పేజీలు కోర్టు మాటలు కావు. వాది తన దావాలో ఏమన్నదీ, ప్రతివాదులు తమ రిటన్ స్టేట్‌మెంట్లలో ఏమన్నదీ జడ్జిగారు వరుసగా తిరగరాస్తారు. అందుకే నాలుగో పేజీలో ‘వాదికి నాలుగో వంతు హక్కు ఉన్నది’ అని కనిపిస్తుంది. అది చిన్నత్త మాట. ఏడో పేజీలో ‘ఆడపిల్లలకు ఏ హక్కూ లేదు’ అని ఉంటుంది. అది బాబాయి మాట. రెండింటిలో ఏదీ తీర్పు కాదు.

ఈ పొరపాటు నేనూ చేశాను. జూనియర్ వకీలుగా ఉన్న రోజుల్లో తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడకు తీర్పు చదివి చెప్పమని మా సీనియర్ పురమాయించారు. నేను ముందు పేజీల్లో దొరికిన అంకె పట్టుకుని ‘సగం మీదేనమ్మా’ అన్నాను. కోర్టు ఇచ్చింది ఆరో వంతు. వారం తిరగకుండా ఆవిడ ఆ సగంలో ఒక ముక్క మనవరాలి పెళ్ళికి మాట ఇచ్చి వచ్చింది. అప్పటి నుంచి ఏ తీర్పయినా చివరి పేజీ నుంచే చదువుతాను.

మీరూ అలాగే చేయండి. ముందు డిక్రీ తీయండి. తీర్పు వేరు, డిక్రీ వేరు. తీర్పులో కారణాలు ఉంటాయి. డిక్రీలో ఫలితం మాత్రమే ఉంటుంది, మీ దాంట్లో నాలుగు పేజీలే. అందులో ‘ప్రాథమిక డిక్రీ ఇవ్వడమైనది’ అన్న మాట తర్వాత వచ్చే అంశాలను ఒక తెల్లకాగితం మీద ఎత్తి రాసుకోండి. తర్వాత తీర్పులోని ఆఖరి పేరాతో సరిపోల్చండి. రెండూ ఒకటిగానే ఉండాలి. టైపు చేసేటప్పుడు అంకె తారుమారు కావడం, సర్వే నంబరులో ఒక అక్షరం ఎగిరిపోవడం మా వాళ్ళకు కొత్త కాదు. అలాంటిది దొరికితే అదే కోర్టులో చిన్న పిటిషను వేసి దిద్దించుకోవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 152వ సెక్షన్ ఉన్నది అందుకే. మీ నకళ్ళలో వాటాల అంకెలు సరిపోయాయి. పొలం వివరాలున్న ఎ షెడ్యూలు రెండో ఐటంలో మాత్రం తీర్పులో 1 ఎకరం 85 సెంట్లు ఉంటే డిక్రీలో 1 ఎకరం 58 సెంట్లు పడింది. అది మీ వకీలుగారికి ఇప్పుడే చూపించండి. ఇరవై ఏడు సెంట్లు చిన్న విషయం కాదు.

ఇక మనుషుల పేర్లు. ‘1వ ప్రతివాది’, ‘4వ ప్రతివాది’ అన్న మాటలు మీ రెండు పేజీల్లో ఎక్కడా కనిపించకూడదు. అలాగని ‘పెద్దత్త’, ‘బాబాయి’ అని కూడా రాయకండి. మీకు పెద్దత్త అయిన మనిషి ఇంకొకరికి అమ్మ, మరొకరికి పెద్దమ్మ. కాగితం ఇంట్లో చేతులు మారేకొద్దీ ఎవరి వాటా ఎవరిదో తెలియకుండా పోతుంది. అందరికీ ఒకటే అయిన తాతగారిని గుంజగా పాతి, అక్కడి నుంచి చెప్పండి: తాతగారి భార్య, తాతగారి పెద్ద కొడుకు, చిన్న కొడుకు, పెద్ద కూతురు, చిన్న కూతురు. పక్కన పేరు. కోర్టు నంబర్లు కాగితం అడుగున ఒక్క వరుసలో ఇస్తే చాలు, వకీలు దగ్గరకు వెళ్ళినప్పుడు పనికొస్తాయి. ఈ జవాబులో మాత్రం మీరు పిలిచినట్టే పిలుస్తాను.

తర్వాత ఆస్తులు. ఎ, బి, సి అన్న షెడ్యూళ్ళు, అంటే ఆస్తుల జాబితాలు మూడున్నాయి కదా, సాక్ష్యంగా పెట్టిన కాగితాలకూ అవే అక్షరాలు ఉంటాయి. వాది పెట్టినవి ఎ-1, ఎ-2 అని, ప్రతివాదులు పెట్టినవి బి-1, బి-2 అని. తీర్పులో ‘బి-4 రుజువు కాలేదు’ అని ఉన్నది చూసి మీ ఇంట్లో ఎవరో ‘బి షెడ్యూలు ఇల్లు పోయింది’ అనుకున్నట్టు మీ ఉత్తరం రెండో పేజీలో ఉంది. బి-4 అంటే బాబాయి పెట్టిన వీలునామా. అది నిలవలేదు కాబట్టే ఇల్లు అందరికీ వచ్చింది. మీరు రాసేటప్పుడు ఈ అక్షరాలు వదిలేసి పొలం, గుంటూరు ఇల్లు, నానమ్మ పేరు మీది పొలం అని రాయండి. ఇంకొకటి, పొలం షెడ్యూలులో డి.నెం. అని ఉన్నది డోర్ నంబరు కాదు, భూమి నంబరు. ఆ నంబరు పట్టుకుని ఇంటి పన్ను రసీదుల్లో వెతికిన వాళ్ళను చూశాను.

ఇప్పుడు వాదోపవాదాలు. నలభై పేజీల్లో మీ వాళ్ళకు నిజంగా అక్కరకొచ్చే తగాదాలు మూడే. ఒక్కొక్కదానికి మూడు వాక్యాలు రాయండి: ఎవరు ఏమన్నారు, దానికి ఏం చూపించారు, కోర్టు ఏమన్నది. మూడో వాక్యం కింద గీత గీయండి.

మొదటి తగాదా పొలం గురించి. 1998లోనే నోటిమాటగా పంపకం అయిపోయిందని, ఆడపిల్లలకు పెళ్ళిళ్ళప్పుడు పసుపు కుంకుమల కింద ఇచ్చేశామని బాబాయి అన్నాడు. పైగా పెద్దత్తకు 1982లోనే పెళ్ళయింది కాబట్టి ఆవిడకు అసలే హక్కు లేదన్నాడు. ఆ చివరి మాట పూర్తిగా గాలిమాట కాదు. మన రాష్ట్రం 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఆడపిల్లలకు పుట్టుకతో వాటా ఇచ్చినప్పుడు, ఆ సవరణ అమల్లోకి వచ్చిన 1985 సెప్టెంబరు 5కు ముందే పెళ్ళయిన వాళ్ళను పక్కన పెట్టింది. ఆ పాత మాటే ఊళ్ళల్లో ఇంకా నడుస్తోంది. కానీ 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణలో పెళ్ళి షరతు లేదు. కూతురు ఎప్పుడు పెళ్ళి చేసుకున్నా కొడుకుతో సమానం. తండ్రి ఆ తేదీకి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో కూడా పని లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. మీ తాతగారు 2011లో పోయారు కాబట్టి మీకు ఆ చిక్కూ లేదు.

నోటి పంపకం సంగతి కూడా చట్టమే చెబుతుంది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు కాగితంతోనో కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాలను మాత్రమే అది కదిలించకుండా వదిలింది. నోటిమాట పంపకాన్ని ఒప్పుకోవాలంటే, అది అమలైనట్టు ప్రభుత్వ రికార్డుల్లాంటి గట్టి ఆధారం ఉండాలి, అదీ అరుదుగా. 1998 తర్వాత కూడా పొలం మొత్తం తాతగారి పేరునే ఉన్నట్టు పాసు పుస్తకమే చెబుతోంది. పెళ్ళిలో పెట్టిన బంగారం వాటా కింద లెక్క అన్నదానికి రుజువు లేదు. గీత గీయవలసిన వాక్యం ఇది: పొలం పంపకం కాలేదు, కూతుళ్ళకూ కొడుకులతో సమానంగా వాటా ఉంది.

రెండోది గుంటూరు ఇల్లు. అది తాతగారి స్వార్జితమని అందరూ ఒప్పుకున్నారు. బాబాయి వీలునామా చూపించాడు. వీలునామా నిలవాలంటే దాని మీద సాక్షి సంతకం చేసినవాళ్ళలో కనీసం ఒకరైనా బతికి ఉండి రాగలిగితే కోర్టుకు వచ్చి చెప్పాలి. ఇద్దరు సాక్షుల్లో ఒకరు ఊళ్ళోనే ఉన్నా పిలిపించలేదు. వీలునామా దొంగదని కోర్టు అనలేదు, రుజువు కాలేదని మాత్రమే అన్నది. మీరు కూడా ఆ మాటే రాయండి. ‘దొంగ వీలునామా’ అని మీ చేతి రాతలో ఉంటే రేపు బాబాయితో మాట్లాడే దారి మీరే మూసుకున్నట్టు.

మూడోది నానమ్మ పేరు మీద 1988లో కొన్న రెండెకరాలు. అది కూడా కుటుంబం సొమ్మేనని, పంచాలని చిన్నత్త అడిగింది. తన పుట్టింటి వాళ్ళు ఇచ్చిన డబ్బుతో కొన్నానని నానమ్మ చెప్పారు, కాగితం ఆవిడ పేరునే ఉంది. కుటుంబం డబ్బు పెట్టినట్టు ఎవరూ చూపలేకపోయారు. ఆ మేరకు దావా కొట్టేశారు. ‘సి షెడ్యూలుకు దావా కొట్టివేయడమైనది’ అన్న వాక్యం చదివి మీ ఇంట్లో ‘సి పోయింది’ అన్నారట. పోవడం ఏమిటి? ఆ రెండెకరాలూ నానమ్మవే, పంపకంలోకి రావని దాని అర్థం.

ఇప్పుడు లెక్క. పొలం మొత్తం 5 ఎకరాలు, ఇది తాతగారికి వాళ్ళ నాన్నగారి నుంచి వచ్చిన పిత్రార్జితం. దీన్ని రెండు మెట్లలో పంచుతారు. మొదటి మెట్టులో తాతగారు చనిపోవడానికి ఒక్క క్షణం ముందు పంపకం జరిగినట్టు ఊహించుకుంటారు. అందులో పాలు పంచుకునేది తాతగారు, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. ఐదుగురు, తలా ఐదో వంతు, అంటే తలా ఒక ఎకరం. నానమ్మ ఈ మెట్టులో లేరు. మన ఆంధ్ర ప్రాంతంలో నడిచే ధర్మశాస్త్ర సంప్రదాయం ప్రకారం తండ్రీ బిడ్డలు పంచుకునేటప్పుడు భార్యకు విడిగా వాటా ఉండదు. అన్యాయమని మీకు అనిపిస్తే, నాకూ అనిపిస్తుంది, కానీ లెక్క అదే.

రెండో మెట్టులో తాతగారి ఎకరం ఒక్కటే పంచుతారు. దానికి వారసులు నానమ్మ, నలుగురు పిల్లలు. మళ్ళీ ఐదుగురు. ఎకరాన్ని ఐదు చేస్తే తలా ఇరవై సెంట్లు. కాబట్టి పిల్లలు ఒక్కొక్కరికి మొదటి మెట్టు ఎకరం, రెండో మెట్టు ఇరవై సెంట్లు కలిపి 1 ఎకరం 20 సెంట్లు. నానమ్మకు 20 సెంట్లు. డిక్రీలో 6/25, 1/25 అని ఉన్నవి ఇవే: ఐదెకరాలను ఇరవై సెంట్ల ముక్కలుగా కోస్తే ఇరవై ఐదు ముక్కలు, పిల్లలకు తలా ఆరు, నానమ్మకు ఒకటి. నలుగురి ఆరు ముక్కలూ ఇరవై నాలుగు, నానమ్మది కలిపితే ఇరవై ఐదు. ఏ షెడ్యూలుకైనా వాటాలన్నీ కలిపితే మొత్తం సరిగ్గా రావాలి. రాకపోతే మీ లెక్కలోనో డిక్రీలోనో తప్పు ఉన్నట్టే, వకీలు అక్కర్లేకుండా మీరే పట్టుకోగలిగిన పరీక్ష ఇది.

భిన్నాలు రాయవద్దు. నానమ్మకు సెంట్లు తెలుసు, భిన్నాలు తెలియవు. వాటాను ఎకరాల్లో, సెంట్లలో రాసి, భిన్నాన్ని చివర చిన్నగా వేయండి. ఐదు పీటలు వేసి ఐదెకరాలకు ఐదు గిన్నెల బియ్యం పోసి చూపించినా సరే. మా అమ్మ తన పుట్టింటి పంపకం చింతపిక్కలతో లెక్కేసుకుంది, ఒక్క సెంటు తేడా రాలేదు.

గుంటూరు ఇల్లు స్వార్జితం కాబట్టి దానికి మొదటి మెట్టు లేదు. వీలునామా నిలవలేదు గనుక ఐదుగురికీ సమానంగా ఐదో వంతు. చిన్నత్త దావాలో అన్నింటిలోనూ నాలుగో వంతు అడగడానికి కారణం, వారసుల లెక్కలో నానమ్మను కలపకపోవడం. పొలానికీ ఇంటికీ అంకెలు వేరు కావడానికి కారణం ఆ రెండు మెట్లు. ‘చిన్నత్త వాటా ఎంత’ అని ఎవరైనా అడిగితే ఒక్క అంకెలో జవాబు చెప్పకండి, దేనిలో అని అడిగి చెప్పండి.

పెద్దత్త సంగతి. ఆవిడ కోర్టుకు రాకపోతే ‘ఎక్స్‌పార్టీ’ అని రాస్తారు. అంటే ఆవిడ తరఫు వాదన వినకుండా విచారణ సాగించారని అర్థం, వాటా వదులుకున్నారని కాదు. మీ డిక్రీలోనే ఆవిడకు పొలంలో 6/25, ఇంట్లో 1/5 అని స్పష్టంగా ఉంది. అయితే ఒక తేడా. పంచి చేతికిమ్మని అడిగింది చిన్నత్త ఒక్కతే. పెద్దత్త తన భాగం విడగొట్టి ఇమ్మనాలంటే తగిన కోర్టు ఫీజు కట్టి అడగాలి. బాబాయి మాటకు జవాబుగా ఈ వాక్యాలు ఉన్నవున్నట్టు రాసేయండి.

ఇంతవరకూ రాసినదాన్ని చదివి మీ వాళ్ళు వెంటనే అడిగేది ఒకటుంటుంది: ‘ఆ ఎకరం ఇరవై సెంట్లు ఏ వైపు?’ డిక్రీలో దానికి జవాబు లేదు. ఇది ప్రాథమిక డిక్రీ. ఎవరికెంత అని చెబుతుంది, ఎక్కడ అని చెప్పదు. మీ పొలం మూడు ముక్కలు: 2 ఎకరాల 40 సెంట్లు, 1 ఎకరం 85 సెంట్లు, 75 సెంట్లు. ఆ 75 సెంట్లు రోడ్డు పక్కన ఉందని మీరే రాశారు. దాని మీదే అందరి కన్నూ ఉంటుంది. ఎవరో ఒకరు తుది డిక్రీ కోసం కదలాలి. అప్పుడు కోర్టు ఒక అడ్వకేటును కమిషనరుగా వేస్తుంది. ఆయన సర్వేయరును వెంటబెట్టుకుని పొలానికి వచ్చి, కొలిచి, మంచీ చెడ్డా చూసి, దారీ నీరూ అందరికీ అందేలా ప్లాను గీసి నివేదిక ఇస్తారు. దాని మీద అభ్యంతరాలు విని కోర్టు తుది డిక్రీ ఇస్తుంది. రోడ్డు పక్క సెంటు విలువా లోపలి సెంటు విలువా ఒకటి కాదు కాబట్టి, విస్తీర్ణం కొంచెం తగ్గించి విలువ సరిచేయడం, కొంత డబ్బు ఇప్పించడం కూడా జరుగుతుంది. అందుకే మీ కాగితం మీద ‘1 ఎకరం 20 సెంట్లు, సుమారు’ అని రాయండి. ‘సుమారు’ అన్న మాట మరిచిపోతే రేపు కమిషనరు 1 ఎకరం 12 సెంట్లు గీసినప్పుడు మీరు మోసం చేశారంటారు.

ఇల్లు 250 చదరపు గజాలు. కాగితం మీద తలా యాభై గజాలు వస్తుంది గానీ, ఒక్క వీధి గుమ్మం ఉన్న ఇంటిని ఐదు ముక్కలు చేయలేరు. అలాంటప్పుడు 1893 నాటి పార్టిషన్ చట్టం పనికొస్తుంది. సగం గానీ అంతకు మించి గానీ వాటా ఉన్నవాళ్ళు కోరితే, పంచడం కంటే అమ్మడమే మేలని తోస్తే, కోర్టు అమ్మకానికి ఆదేశించగలదు. మీ లెక్కలో ఇద్దరు కలిస్తే అయిదింట రెండు, చాలదు. ముగ్గురు కలవాలి. అప్పుడు కూడా మిగతావాళ్ళు, కోర్టు కట్టిన వెలకు ఆ వాటాలు తామే కొంటామని అడగవచ్చు. ఇల్లు బయటివాళ్ళకు పోకూడదనుకునే వాళ్ళు మీ ఇంట్లో ఉంటే ఈ సంగతి వాళ్ళకు ముందే తెలియాలి.

తుది డిక్రీని నాన్ జుడీషియల్ స్టాంపు కాగితం మీద ఎక్కించాలి, ఆ ఖర్చు వాటాల విలువను బట్టి ఉంటుంది. అది అయితేనే అమలుకు పనికొస్తుంది. తుది డిక్రీ అడగడానికి గడువు తేదీ లేదని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. అదే ధీమాతో ఇరవయ్యేళ్ళు ఊరుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఈలోగా ఎవరైనా కాలం చేస్తే వాటాలు మళ్ళీ మారతాయి. ఒక కొడుకు పోతే ఆయన భార్యా పిల్లలతోపాటు తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే, ఆ సంగతి సగంమంది మరిచిపోతారు. చట్టం మారినా అంతే. మన ఆంధ్ర నుంచి వెళ్ళిన ఒక దావాలో 1999లో ప్రాథమిక డిక్రీ అయింది, తుది డిక్రీ కాకముందే 2005 సవరణ వచ్చింది. కూతుళ్ళ వాటా పెంచి డిక్రీ సవరించవచ్చని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. కాబట్టి మీ కాగితం తలకట్టు మీద ‘ఈ తేదీకి ఉన్న స్థితి’ అని వేసి తేదీ వేయండి.

అప్పీలు గడువు మాత్రం ఆగదు. దావా విలువను బట్టి జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. నకలు కోసం దరఖాస్తు పెట్టినప్పటి నుంచి అది తయారయ్యే వరకు పట్టిన రోజులు తీసేస్తారు. ఆ తేదీలు నకలు వెనక ముద్రలో ఉంటాయి, చూడండి. వాటాల మీద అభ్యంతరం ఉన్నవాళ్ళు ఇప్పుడే అప్పీలు చేసుకోవాలి, తుది డిక్రీ మీద అప్పీలు చేసినప్పుడు ఈ వాటాలు తప్పని అనడానికి వీల్లేదు. బాబాయికి కూడా ఈ వాక్యం చదివి వినిపించండి. ఆయనకు నచ్చని తీర్పు అయినా, గడువు దాచిపెట్టారన్న మాట మీ మీదకు రాకూడదు.

ఒక జాగ్రత్త. రాయడం అయ్యాక ‘అందరూ ఒప్పుకున్నట్టు ఒక సంతకం చేయండి’ అని ఎవరో పెద్దమనిషి అంటాడు, తప్పకుండా అంటాడు. చేయించకండి. మీరు రాసింది అర్థం చెప్పే కాగితం. కింద ఐదు సంతకాలు పడిన మరుక్షణం దాన్ని ఒప్పంద పత్రమని ఎవరో ఒకరు కోర్టులో పెడతారు, స్టాంపు లేదని, రిజిస్టరు కాలేదని ఇంకొకరు వాదిస్తారు, మీరు సాక్షిగా బోను ఎక్కుతారు. నిజంగానే అందరూ రాజీకి వస్తే వకీళ్ళ ద్వారా కోర్టులోనో లోక్ అదాలత్‌లోనో రాజీ డిక్రీ చేయించుకోండి.

రెండు పేజీలు అందరికీ కలిపి ఒకటి రాశాక, ఒక్కొక్కరికి అరపేజీ విడిగా రాయండి. నానమ్మగారిది నేనే రాసి ఇస్తున్నాను, పెద్ద అక్షరాల్లో ఎత్తి రాయండి:

‘తాతగారి భార్యకు: మీ పేరు మీద ఉన్న రెండెకరాల పొలం పూర్తిగా మీదే. అందులో ఎవరికీ వాటా లేదని కోర్టు చెప్పింది. అది మీరు ఉంచుకోవచ్చు, ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. తాతగారి ఐదెకరాల పొలంలో మీకు సుమారు ఇరవై సెంట్లు వస్తుంది. గుంటూరు ఇంట్లో ఐదింట ఒక వంతు మీది. మీ నలుగురు పిల్లలకూ ఆ ఇంట్లో ఎంత హక్కు ఉందో మీకూ అంతే ఉంది. ఏ వైపు ఎవరిదో ఇంకా తేలలేదు. ఈ తీర్పు మీద ఎవరైనా పై కోర్టుకు వెళితే ఇది మారవచ్చు.’

మిగతావాళ్ళకు ఇచ్చే ముందు ఇది ఆవిడకు చదివి వినిపించి, ఎంత వచ్చిందో మీకు తిరిగి చెప్పమనండి. ‘రెండెకరాల ఇరవై సెంట్లు, ఇంట్లో ఒక పాలు’ అని ఆవిడ నోటి నుంచి వస్తే మీరు సరిగ్గా రాసినట్టు. ఇంకోలా వస్తే, తప్పు మీ వాక్యంలో ఎక్కడో ఉంది, దిద్ది మళ్ళీ చదవండి.